పాత వైరింగులో రంగు ఒకటి, కరెంటు ఒకటి: ఒక వాషింగ్ మెషిన్ షాక్ కేసు

2023 జూలైలో తెనాలిలోని ఒక పాత ఇంటి నుంచి నాకు ఫోను వచ్చింది. వెనక వాటాలో అద్దెకున్న ఇల్లాలు తడి గచ్చు మీద ఉత్తకాళ్లతో నిలబడి బట్టలు తీస్తుండగా, చేతి వెనక భాగం వాషింగ్ మెషిన్ మూలకు తగిలి గట్టిగా షాక్ కొట్టింది. తగిలింది అరచేయి కాకపోవడం వల్ల కండరాలు బిగిసినప్పుడు చేయి దానంతట అదే వెనక్కి లాక్కుంది. మెషిన్ బాడీ అంతా పెయింటు పూసిన రేకే కాబట్టి చాలా చోట్ల తాకినా ఏమీ తెలియదు. ఆ మూలలో మాత్రం పూత గీరుకుపోయి అర అంగుళం మేర ఇనుము బయటపడి ఉంది.

నేను వెళ్లేసరికి ఇద్దరు చూసి వెళ్లారు. సర్వీస్ సెంటరు నుంచి వచ్చినతను మెషిన్ మోటారుకూ హీటరుకూ ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పెట్టి చూసి, మెషిన్‌లో లీకేజీ లేదు, ఇంటి వైరింగులోనే లోపం ఉందని చెప్పాడు. ఆ వీధిలోనే పనిచేసే కుర్రాడు మల్టీమీటరుతో ప్లగ్గులో మూడు రీడింగులు తీసుకుని, బోర్డు బాగానే ఉంది, లోపం మెషిన్‌లోనే అన్నాడు. ఇద్దరూ నిజాయతీగానే చూశారు, ఇద్దరి రీడింగులూ సరైనవే. అయినా షాక్ కొడుతూనే ఉంది. ఈ కేసు రాయడానికి ఆ వైరుధ్యమే కారణం.

ముందు రంగుల సంగతి. మన దేశంలో గోడల్లో వేసే స్థిర వైరింగుకు వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ మీద పసుపు గీత. సింగిల్ ఫేజు ఇళ్లలో సాధారణంగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఇది పాత బ్రిటిష్ పద్ధతి నుంచి మనకు వచ్చింది. ఫ్రిజ్జు, మెషిన్, ఇస్త్రీపెట్టె వంటి వస్తువులతో వచ్చే ఫ్లెక్సిబుల్ తీగల్లో మాత్రం ఫేజుకు గోధుమ, న్యూట్రల్‌కు లేత నీలం, ఎర్తుకు ఆకుపచ్చ-పసుపు ఉంటాయి. అంటే నీలం గోడలో ఫేజు కావచ్చు, తీగలో న్యూట్రల్. బ్రిటన్‌లో ఈ తికమక లేకుండా 2004 నుంచి గోడలోని వైరింగును కూడా గోధుమ, నీలంలోకి మార్చుకుంటూ వచ్చారు. మన పాత ఇళ్లలో రెండు పద్ధతులూ ఒకే బోర్డు వెనక కలుస్తాయి. అదీ పోనీ, ఇంటి ఓనరైన ఇంటావిడ కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో బోర్డు చూస్తూ, "నలుపు ముట్టుకోకండి, అదే హాట్, న్యూట్రల్ తెలుపు కదా" అని గట్టిగా హెచ్చరించాడు. ఆయన చెప్పింది అమెరికా ఇళ్లకు అక్షరాలా నిజం. ఇక్కడ ఎరుపుకు అదే జాగ్రత్త చెప్పి ఉంటే సరిపోయేది అనుకున్నాను. గంట తిరిగేసరికి ఆ ఇంట్లో ఆయన మాటే నిజమని తేలింది, కారణం మాత్రం వేరు.

ఆ ఇల్లు 1983లో కట్టింది. ముందు గదుల్లో చెక్క బద్దీల మీద క్లిప్పులు కొట్టి వేసిన అల్యూమినియం వైరింగు ఉంది, తీగలన్నీ నలుపే. ఫేజేదో న్యూట్రలేదో రంగుతో చెప్పే ప్రసక్తే లేదు. 1996లో వెనక వాటా కలిపినప్పుడు గోడలో పైపు వేసి ఎరుపు, నలుపు రాగి తీగలు లాగారు. మూడు పిన్నుల ప్లగ్గులు పెట్టారు గానీ ఎర్తు తీగ లాగలేదు. మీటరు దగ్గర గుంట తీసి, బొగ్గు, ఉప్పు పోసి దింపిన ఎర్తు పైపు ఉంది, దాని జీఐ తీగ మెయిన్ బోర్డు వరకు వచ్చి అక్కడే ఆగిపోయింది. మెయిన్‌లో రెండు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు, ఒకటి ఫేజులో, ఒకటి న్యూట్రల్‌లో ఉన్నాయి.

నేను మల్టీమీటరు బయటికి తీయకముందే టెస్టరు పెట్టాను. ప్లగ్గును ఎదురుగా చూస్తే, ఎర్తు రంధ్రం పైన ఉన్నప్పుడు ఫేజు కుడి చేతి వైపు ఉండాలి. కుడి రంధ్రంలో టెస్టరు వెలగలేదు, ఎడమ రంధ్రంలో వెలిగింది, పైన ఎర్తు రంధ్రంలోనూ అంతే కాంతితో వెలిగింది. మెషిన్ మూలలో గీరుకుపోయిన చోట పెడితే అక్కడా వెలిగింది. తర్వాత ఆ కుర్రాడు తీసిన మూడు రీడింగులే నేనూ తీశాను. కుడి-ఎడమ మధ్య 229 వోల్టులు, కుడి-ఎర్తు మధ్య 229, ఎడమ-ఎర్తు మధ్య సున్నా. సరిగ్గా చేసిన ప్లగ్గులో కూడా ఇవే అంకెలు రావాలి. మల్టీమీటరు రెండు బిందువుల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది, వాటిలో ఏది నేలతో సమానంగా ఉంది, ఏది నేలకు 229 వోల్టుల ఎత్తున ఉంది అన్నది దానికి తెలియదు. మూడు చిన్న దీపాలుండే ప్లగ్ టెస్టరు పెట్టినా ఇదే కారణంగా "సరిగ్గా ఉంది" అనే చూపిస్తుంది, ఎందుకంటే అదీ ఆ మూడు రంధ్రాలలోనే ఒకదానితో ఒకదాన్ని పోలుస్తుంది.

అందుకని పన్నెండు మీటర్ల తీగ ఒకటి తెచ్చి, దాని ఒక కొనను మెయిన్ బోర్డు దగ్గర ఎర్తు పైపుకు బిగించి, రెండో కొనను ప్లగ్గు దాకా లాగాను. ఇప్పుడు మీటరుకు నేల ఏదో చెప్పినట్టయింది. కుడి రంధ్రానికీ ఈ తీగకూ మధ్య 2 వోల్టులు, ఎడమ రంధ్రానికి 229, ప్లగ్గులో ఎర్తు పిన్నుకు 229. అంటే మెషిన్ రేకు బాడీ నిండా పూర్తి ఫేజు ఉంది, అదీ ఎర్తు పిన్ను ద్వారానే వస్తోంది. టెస్టరు ఒక్కటే నమ్మకూడదు, పక్క తీగల నుంచి ప్రేరితమైన కొద్దిపాటి వోల్టేజీకి కూడా అది వెలుగుతుంది. కానీ ఈ సందర్భంలో మీటరు చెప్పలేనిది యాభై రూపాయల టెస్టరు మొదటి నిమిషంలోనే చెప్పింది. ఇంటి మెయిన్ వెంటనే దించాను.

బోర్డు విప్పితే సగం జవాబు దొరికింది. ప్లగ్గు వెనక ఎడమ టెర్మినల్ నుంచి రెండంగుళాల నల్ల తీగ ముక్క ఒకటి ఎర్తు టెర్మినల్‌కు లూపు చేసి ఉంది. పనివాళ్లలో దీన్ని ఎంతోమంది ఇప్పటికీ "న్యూట్రల్ నుంచి ఎర్తు తీసుకోవడం" అంటారు. ఎర్తు లాగకుండా మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినప్పుడు ఇంటివాళ్లు అడిగితే చూపించడానికి, కొన్ని వస్తువులు ఎర్తు లేకపోతే మొరాయిస్తాయన్న భయంతో, ఇలా చేసేవారు. న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎర్తు చేసి ఉంటుంది కదా, రెండూ ఒకటే కదా అన్నది వారి తర్కం. అన్నీ సరిగ్గా ఉన్నంతకాలం ఆ లూపు ఎవరికీ హాని చేయదు. అందుకే ఇరవై ఏడేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండగలిగింది. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగినా, న్యూట్రల్‌లో పెట్టిన ఆ రెండో కిట్‌క్యాట్ ఫ్యూజు ఎగిరినా మాత్రం, వెలిగించి ఉన్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాను గుండా ఫేజు ఇవతలికి వచ్చి, తిరిగి వెళ్లడానికి దారి లేక మెషిన్ బాడీ మీద నిలబడుతుంది. ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయి, కరెంటు పోయిందనుకున్న సమయంలో ఇది జరుగుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 32వ నియమం న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ స్విచ్చు గానీ పెట్టవద్దని, పెడితే ఫేజుతో పాటు ఒకేసారి తెగేటట్టుండాలని చెప్పింది అందుకే.

అయితే ఇక్కడ న్యూట్రల్ తెగలేదు. మెయిన్ దించకముందు ఇంట్లో అన్నీ పనిచేస్తున్నాయి. మిగిలిన సగం జవాబు కోసం ఇంటావిడను అడిగాను, ఈ మధ్య కరెంటుకు సంబంధించి ఏమైనా మారిందా అని. ఆవిడ కాసేపు ఆలోచించి, "మారడమంటే ఏమీ లేదు నాయనా, మొన్న గాలివానకు చెట్టుకొమ్మ పడితే స్తంభం నుంచి తీగ కొత్తది వేశారు. ఆ రాత్రి నుంచి ఆ వరండా బల్బు ఆపినా సన్నగా వెలుగుతూనే ఉంటోంది, దెయ్యం బల్బని పిల్లలు భయపడుతున్నారు" అన్నారు.

ఆ బల్బే ఈ కేసులో అసలు సాక్షి. స్విచ్చు ఫేజులో ఉంటే, ఆపినప్పుడు హోల్డరుకు వెళ్లే తీగ ఫేజు నుంచి తెగిపోతుంది. స్విచ్చు న్యూట్రల్‌లో ఉంటే, ఆపిన తర్వాత కూడా హోల్డరులో ఫేజు ఉంటుంది. అప్పుడు గోడకు, పక్క తీగలకు కెపాసిటెన్స్ ద్వారా కారే కొద్దిపాటి కరెంటు ఎల్‌ఇడి బల్బును సన్నగా వెలిగించడానికి చాలు. పాత ఫిలమెంటు బల్బు అయితే ఆ మాత్రానికి వెలిగేది కాదు, ఈ మార్పు ఎవరి కంటా పడేది కాదు. స్విచ్చులోనే చిన్న సూచిక దీపం ఉన్నా ఎల్‌ఇడి ఇలాగే వెలుగుతుంది కాబట్టి, దీన్ని ఒక్కదాన్నే రుజువుగా తీసుకోకూడదు. కానీ వరండాలోది అలాంటి దీపం లేని పాత నల్ల బేకలైట్ స్విచ్చు.

మీటరు దగ్గర చూస్తే కొత్త సర్వీసు వైరు రెండు కోర్లూ నల్లగానే ఉన్నాయి. స్తంభం మీద గానీ మీటరు దగ్గర గానీ ఒక చోట అవి అటుదిటు ఇటుదటు పడ్డాయి. ఫ్యాన్లు తిరుగుతాయి, బల్బులు వెలుగుతాయి, మీటరూ తిరుగుతుంది, వేసినవాళ్లకు గానీ ఇంటివాళ్లకు గానీ అనుమానం రాదు. కానీ ఆ క్షణం నుంచి ఇంట్లో ప్రతి నల్ల తీగా ఫేజు అయింది, ప్రతి ఎర్ర తీగా న్యూట్రల్ అయింది. 1996లో కట్టిన ఆ రెండంగుళాల లూపు అప్పుడు న్యూట్రల్‌ను కాకుండా ఫేజును తీసుకెళ్లి మెషిన్ బాడీకి అందించింది. మెషిన్ స్విచ్చు ఆపినా తేడా లేదు, ఎందుకంటే ఎర్తు పిన్నుకు స్విచ్చు ఉండదు. డల్లాస్ అబ్బాయి ముట్టుకోవద్దన్న నల్ల తీగలోనే ఫేజు ఉందని ఫోనులో చెబితే, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక చిత్రం ఏమిటంటే, అదే వాటా వంటింట్లో ఉన్న ఫ్రిజ్జుకు ఏమీ కాలేదు. దాని ప్లగ్గు ఎర్తు పిన్ను ఎప్పుడో కోసేసి, రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టి ఉంది. చేయకూడని ఆ పని వల్లే ఫ్రిజ్జు తలుపు మీదికి ఫేజు రాలేదు.

సర్దుబాటు

సర్వీసు తీగ, మీటరు సీలు విద్యుత్ శాఖవి, వాటిని మేం విప్పకూడదు. లైన్‌మాన్‌ను పిలిపించి, పన్నెండు మీటర్ల తీగతో రీడింగులు ఎదురుగా చూపించాక, ఆయన మీటరు ఇన్‌పుట్ దగ్గర రెండు కోర్లూ మార్చి మళ్లీ సీలు వేశాడు. అది జరిగేదాకా మెయిన్ దించే ఉంచాను. కొందరు ఇలాంటప్పుడు మెయిన్ స్విచ్చు తర్వాత తీగలు మార్చేసి రంగు సరిచేశామంటారు. మళ్లీ ఎప్పుడైనా సర్వీసు సరిచేస్తే ఇల్లు తిరగబడుతుంది కాబట్టి నేను అలా చేయను.

తర్వాతి పని లూపులు వెతకడం. మెషిన్ ప్లగ్గులో ఉన్నట్టే వెనక వాటాలో మరో రెండు ప్లగ్గుల్లో కనిపించాయి, తీసేశాను. మెయిన్ బోర్డు నుంచి వెనక వాటా మూడు ప్లగ్గులకూ, ఫ్రిజ్జు సాకెట్‌కూ 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ రాగి తీగను గోడ వెంబడి కేసింగులో లాగాను. పాత పైపుల్లో మరో తీగ దూరే చోటు లేదు. గీజరు పెట్టినతను లాగి, మెయిన్ బోర్డు దగ్గర ఎక్కడా బిగించకుండా వదిలేసిన ఎర్తు తీగను కూడా అప్పుడే ఎర్తు బార్‌కు కలిపాను. ఫ్రిజ్జుకు మూడు పిన్నుల సాకెట్ పెట్టి, దాని ప్లగ్గు కొత్తది బిగించాను. రెండు కిట్‌క్యాట్‌లు తీసేసి, రెండు పోల్సూ ఒకేసారి తెంచే ఎమ్‌సీబీ, దాని వెంట, నేలకు కారే కరెంటును పసిగట్టి సప్లై తెంచే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాను. ఎర్తు గుంట రెసిస్టెన్సు 9 ఓములు వచ్చింది. అంటే బాడీకి ఫేజు తగిలితే నేల గుండా పోయే కరెంటు ఎంత లెక్కేసినా 26 యాంపియర్లకు మించదు. 16 యాంపియర్ల సి రకం ఎమ్‌సీబీ తక్షణం పడాలంటే 80 యాంపియర్లు పైన కావాలి. గుంట మంచిదైనా ఎమ్‌సీబీ ఒక్కటే ఇక్కడ మనిషిని కాపాడలేదు, ఆర్‌సీసీబీ పెట్టింది అందుకే.

ఆర్‌సీసీబీ ఎక్కించి బల్బులు, ఫ్యాన్లు వేస్తే నిలిచింది. మిక్సీ వేస్తే పడింది. మిక్సీ మార్చి ఇస్త్రీపెట్టె పెడితే అదీ పడింది, మరో గదిలోని ప్లగ్గులో పెట్టినా పడింది. వస్తువుతో, గదితో సంబంధం లేకుండా బరువు లోడుకు మాత్రమే పడుతోందంటే, న్యూట్రల్ ఇంకా ఎక్కడో ఎర్తుకు అంటుకుని ఉందని అర్థం. న్యూట్రల్ గుండా తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొద్ది భాగం ఆ అతుకు గుండా ఎర్తు పైపులోకి పోతుంది. నా అంచనాలో అది లోడులో రెండు మూడు శాతం ఉంటుంది. ఎల్‌ఇడి బల్బుకు అది ఒకటి రెండు మిల్లీ యాంపియర్లే, నాలుగు యాంపియర్ల ఇస్త్రీపెట్టెకు వంద దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడ చాలామంది ఆర్‌సీసీబీ పాడైందని తీసేస్తారు, లేదా వంద మిల్లీ యాంపియర్లది పెట్టి వెళ్తారు.

మెయిన్ దించి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో తీగా విడదీసి, దానికీ ఎర్తు బార్‌కూ మధ్య ఓములు చూశాను. అన్నీ మెగా ఓముల్లో ఉన్నాయి, బాత్‌రూమ్ గీజరు లైను మాత్రం అర ఓము చూపించింది. గీజరు బాక్సు విప్పితే అక్కడ నలుపు లేదు, నీలం తీగ ఉంది. గీజరు పెట్టినతను గీజరు తీగలో న్యూట్రల్ నీలం కాబట్టి గోడలోనూ నీలమే లాగాడు, ఎర్తు తీగ లాగి కూడా పైన న్యూట్రల్ నుంచి ఎర్తుకు ఒక లూపు కట్టాడు. సింగిల్ ఫేజు ఇల్లు కాబట్టి ఆ నీలం అక్కడ ప్రమాదం చేయలేదు. త్రీ ఫేజు ఇంట్లో ఎవరైనా ఆ తీగను బోర్డు దగ్గర చూసి, నీలం అంటే బి ఫేజు అనుకుని ఆ బార్‌కు బిగిస్తే, గీజరుకు 230 బదులు సుమారు 400 వోల్టులు అందవచ్చు. ఆ లూపు తీసేసి, నీలం తీగ రెండు కొనలకూ నల్ల స్లీవు తొడిగాను. ఈసారి మిక్సీ, ఇస్త్రీపెట్టె, గీజరు కలిపి వేసినా ఆర్‌సీసీబీ నిలిచింది. టెస్ట్ బటన్ నొక్కితే పడింది.

ఫ్యాను దగ్గర ఇంకో విషయం కనిపించింది. వెనక గదిలో సీలింగ్ రోజ్ విప్పితే, స్విచ్చు నుంచి ఫ్యానుకు వెళ్లే తీగ ఆకుపచ్చది. కొలత చూసి చుట్టలో మిగిలిన తీగ వాడుకుని ఉంటారు. ఫ్యాను వేసినప్పుడు అందులో 230 వోల్టులుంటాయి, ఆపితే ఉండవు, అందుకే చాలామంది టెస్టరు పెట్టి చూసినా మోసపోతారు. నేను కొత్తగా లాగిన ఎర్తు తీగ కూడా ఆకుపచ్చే కాబట్టి, రేపు ఎవరైనా ఆ రెంటినీ కలిపితే ఫ్యాను స్విచ్చు వేయగానే వెనక వాటాలోని వస్తువుల బాడీలన్నింటికీ ఫేజు అందేది, ఆర్‌సీసీబీ పడేదాకా. మిగతా రంగుల్లో స్లీవు తొడిగి సరిపెట్టుకోవచ్చు గానీ ఆకుపచ్చకు ఆ వీలు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఆ తీగను లాగేసి ఎర్రది వేశాను.

ముందు గదుల నల్ల అల్యూమినియం వైరింగును మాత్రం మార్చలేదు. ఇంటావిడ చేతిలో అప్పటికి డబ్బు లేదు, ఇన్సులేషన్ టెస్టులో లైన్లన్నీ 2 మెగా ఓములకు పైనే వచ్చాయి. ప్రతి స్విచ్చు బోర్డులో టెస్ట్ ల్యాంపుతో ఫేజు పట్టుకుని దాని కొనకు ఎర్ర స్లీవు, న్యూట్రల్‌కు నల్ల స్లీవు తొడిగాను. మూడు చోట్ల స్విచ్చులు 1983 నుంచే న్యూట్రల్‌లో ఉన్నాయని బయటపడింది, అవి సరిచేశాను. బోర్డు తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను: పని జరిగిన తేదీ, ఎర్తు రీడింగు 9 ఓములు, గీజరు లైనులో న్యూట్రల్ నీలం తీగ అని, ముందు గదుల్లో ఎర్తు లేదు కాబట్టి అక్కడ మూడు పిన్నుల వస్తువులు పెట్టవద్దని. వరండా బల్బు ఆ రాత్రి ఆపగానే పూర్తిగా ఆరిందని ఇంటావిడ మర్నాడు ఫోను చేసి చెప్పారు.